వార్షికోత్సవ సభలో తొమ్మిదో తరగతి విద్యార్థిని స్వాగతోపన్యాసం

సభకు నమస్కారం. ఎ వెరీ గుడ్ ఈవెనింగ్ టు వన్ అండ్ ఆల్.

వేదిక మీదున్న పెద్దలకు, మా గురువులకు, ఈ పూట పనులు మానుకుని మరీ వచ్చిన అమ్మలకు, నాన్నలకు, మధ్యాహ్నం మూడింటి నుంచే తివాచీ మీద ముందు వరుస పట్టేసిన ఆరో తరగతి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తరఫున హృదయపూర్వక స్వాగతం. నేను తొమ్మిదో తరగతి ఏ సెక్షన్ విద్యార్థినిని. పెద్దలందరినీ ఆహ్వానించే ఈ అవకాశం నాకు ఇచ్చిన మా హెడ్మాస్టర్ గారికి ముందుగా నా నమస్కారాలు.

ఈరోజు ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. మా సైన్స్ మేడం పట్టుబట్టి వార్షికోత్సవాన్ని ఈ తేదీకే పెట్టించారు. 1928లో ఇదే రోజున సర్ సి.వి. రామన్ గారు తన పేరుతో నిలిచిపోయిన రామన్ ఎఫెక్ట్‌ను కనిపెట్టారు. మూడేళ్లు తిరక్కుండానే, 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు ఓడలో ప్రయాణిస్తున్నప్పుడు సముద్రం నీలంగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. అంత పెద్ద శాస్త్రవేత్త చిన్నప్పుడు చదువుకున్నది ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలోనే. ఆ సంగతి మేడం క్లాసులో చెప్పిన రోజు నుంచి మా వాళ్ల ప్రశ్నలకు అంతే లేదు. లోపలికి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు గదుల్లో మీరు చూసిన ప్రాజెక్టులన్నీ అలాంటి ప్రశ్నల నుంచి పుట్టినవే. ఇంకా చూడని వాళ్లు దయచేసి భోజనాల సమయంలో ఒకసారి చూడండి. ఏడో తరగతి పిల్లలు చేసిన డ్రిప్పు సేద్యం నమూనా దగ్గర తప్పకుండా ఆగండి. సెలైన్ గొట్టాలతో చేశారు, నీళ్లు నిజంగానే చుక్కలు చుక్కలుగా పడతాయి.

ఈనాటి మన ముఖ్య అతిథి, జిల్లా విద్యాశాఖాధికారి మేడం గారు. మేడం, మీరు నవంబరులో మా బడికి తనిఖీకి వచ్చారు. మా టీచర్లంతా రిజిస్టర్లు సిద్ధం చేసుకుని కూర్చుంటే, మీరు నేరుగా ఎనిమిదో తరగతిలోకి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నారు. పక్కనున్న అమ్మాయి భిన్నాల లెక్క దగ్గర ఆగిపోతే పెన్సిల్ తీసుకుని రొట్టె బొమ్మ గీసి, నాలుగు ముక్కలు చేసి చూపించారు. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని ఇప్పటికీ లెక్కల పుస్తకంలో దాచుకుంది. ఇవాళ డ్యాన్సులో ముందు వరుసలో ఉంటుంది, మీరు గుర్తుపట్టాలని ఎంతగానో ఎదురుచూస్తోంది.

రెస్పెక్టెడ్ మేడం, వి ఆర్ ట్రూలీ ఆనర్డ్ టు హ్యావ్ యూ విత్ అస్. యూ సాట్ ఆన్ అవర్ బెంచ్ అండ్ లిజన్డ్ టు అస్. వి వెల్కమ్ యూ విత్ లవ్ అండ్ గ్రాటిట్యూడ్.

మన గౌరవ అతిథి ఈ బడి పూర్వ విద్యార్థి. 1998లో ఇక్కడే పదో తరగతి పాసయ్యారు. ఇవాళ ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. రెండేళ్ల క్రితం ఆయన మా లైబ్రరీకి రెండు బీరువాలు, వాటి నిండా పుస్తకాలు ఇచ్చారు. సార్, ఒక్క మాట మీకు చెప్పాలి. ఆ బీరువాలకు తాళం వేయడం లేదు. ఎవరికి కావలసిన పుస్తకం వాళ్లు తీసుకుని, పక్కనున్న నోటుబుక్కులో పేరు రాసుకుని వెళ్తాం. ఆ నోటుబుక్కు నిండిపోయి రెండోది మొదలైంది. మనిషి శరీరం గురించి బొమ్మలున్న పెద్ద పుస్తకం అట్ట ఊడిపోయింది, మా క్రాఫ్టు టీచరు దానికి గుడ్డ అట్ట వేశారు. అది ఊడింది చించడం వల్ల కాదు సార్, చదవడం వల్ల.

డియర్ సర్, యూ వన్స్ సాట్ వేర్ వి సిట్ టుడే. దిస్ ఈజ్ స్టిల్ యువర్ స్కూల్. వెల్కమ్ హోమ్, సర్.

మన బడికి కావలసినవి అడగకముందే కనుక్కునే మండల విద్యాశాఖాధికారి గారికి, వేసవిలో బోరు మోటారు పాడైతే వారం లోపే కొత్తది వేయించిన సర్పంచ్ గారికి, నెలనెలా సమావేశాలకు తప్పకుండా వచ్చే పాఠశాల యాజమాన్య కమిటీ ఛైర్మన్ గారికి, సభ్యులకు సాదర స్వాగతం. వార్తలు రాయడానికి వచ్చిన విలేకరి మిత్రులకు కూడా స్వాగతం.

మా ఉపాధ్యాయుల గురించి ఎంతో చెప్పాలని ఉంది కానీ ఒక్క సంగతి చెబుతాను. ప్రభుత్వ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. పోయినేడు మా లెక్కల సారు, సోషల్ మేడం సాయంత్రం బడి విడిచాక కూడా ఉండి, చీకటి పడితే పిల్లల్ని ఇళ్ల దాకా దిగబెట్టి మరీ చదివించారు. నలుగురం ఎంపికయ్యాం. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. ఆ డబ్బు వల్లే పై చదువుల గురించి మా ఇంట్లో ధైర్యంగా మాట్లాడుకుంటున్నాం. సార్, మేడం, మా నలుగురి తరఫున మీకు పాదాభివందనం.

మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ముగ్గురూ ఇవాళ పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. ఎవరు కారం తినరో, ఎవరికి రెండోసారి అన్నం కావాలో వాళ్లకు మా పేర్లతో సహా తెలుసు. అమ్మలారా, ఇవాళ మీరు వడ్డించవద్దు. పదో తరగతి అన్నయ్యలు వడ్డిస్తారు, మీరు కూర్చుని తినాలి. మీకు మా అందరి స్వాగతం.

ఇక మా తల్లిదండ్రులు. బడికి రమ్మంటే మీలో చాలామంది గేటు దగ్గరే ఆగిపోతారు. "మాకేం తెలుసు తల్లీ, అంతా సార్లే చూసుకుంటారు" అంటారు. మీకు తెలియకపోవడమేమిటి? తెల్లవారుజామున లేపి చదువుకోమని పక్కన కూర్చునేది మీరు. వానాకాలం బ్యాగు తడవకుండా యూరియా సంచి కోసి కుట్టిచ్చింది మీరు. మా అమ్మకు చదవడం రాదు. అయినా రోజూ రాత్రి నా నోటుబుక్కు తెరిచి చూస్తుంది. ఎర్ర ఇంకు ఎక్కువుంటే "ఇవాళ ఏమైందే?" అని అడుగుతుంది. నా చదువు గురించి మా అమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అందుకే ఈసారి మా హెడ్మాస్టర్ గారిని అడిగి ఒక ఏర్పాటు చేసుకున్నాం. వేదిక ఎదురుగా వేసిన మొదటి మూడు వరుసల కుర్చీలు మీకే. వెనక ప్రహరీ గోడ దగ్గర నిలబడిన నాన్నలు, వేపచెట్టు కింద కూర్చున్న అమ్మలు, అమ్మమ్మలు, తాతయ్యలు అందరూ ముందుకు రండి. మా ఎన్‌సీసీ పిల్లలు వచ్చి మిమ్మల్ని తీసుకొస్తారు. మీరు కూర్చున్నాకే కార్యక్రమం మొదలవుతుంది. మాకేం తొందర లేదు.

ఇప్పుడు జ్యోతి ప్రజ్వలన. మేడం, మే ఐ రిక్వెస్ట్ యూ టు లైట్ ద ల్యాంప్. మేడం గారితో పాటు దీపం వెలిగించడానికి మా వంట అమ్మల్లో అందరికన్నా పెద్దామెను, ఆరో తరగతి పిల్లల తరఫున ఒక తల్లిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను. ప్రార్థన గీతం పాడే బృందం దయచేసి మైకు దగ్గరికి రావాలి.

థాంక్యూ వన్ అండ్ ఆల్. అందరికీ ధన్యవాదాలు. జై హింద్.