బ్యాటరీ ఫర్మ్‌వేర్ ఇంజినీర్ ఎవరైనా తెలుసా?

అందరికీ నమస్తే. ఎలక్ట్రిక్ ఆటోల బ్యాటరీ మేనేజ్‌మెంట్ పనికి, చర్లపల్లిలోని మా టీమ్‌కి ఒక ఫర్మ్‌వేర్ ఇంజినీర్ కావాలి. మైక్రోకంట్రోలర్ మీద సీలో కోడ్ రాసి, క్యాన్ బస్‌లో మెసేజ్ ఎందుకు రావట్లేదో ఆసిలోస్కోప్ పెట్టి పట్టుకున్నవాళ్లయితే చాలు, ఏ కాలేజీలో చదివారన్నది నాకు అనవసరం. ఎల్ఎఫ్‌పీ సెల్స్‌లో వోల్టేజ్ మధ్యలో దాదాపు ఫ్లాట్‌గా ఉంటుంది కాబట్టి ఛార్జ్ ఎంత మిగిలిందో లెక్కగట్టడమే అసలు తలనొప్పి, దాంతో కుస్తీ పట్టినవాళ్లు దొరికితే ఇంకేం కావాలి! అనుభవం 4 నుంచి 8 ఏళ్లు, జీతం 18 నుంచి 26 లక్షలు. వర్క్ ఫ్రమ్ హోమ్ కుదరదు, బోర్డులన్నీ ఇక్కడే ఉంటాయి మరి. రెజ్యూమెలు గుట్టలుగా పంపకండి, మీరు పక్కన కూర్చుని పనిచేసిన ఒక్కరు చాలు. ముందు వాళ్లనడిగి, సరేనంటే మా ఇద్దర్నీ వాట్సాప్‌లో కలపండి, మిగతాది నేను చూసుకుంటా.