దత్తాంశ పర్యాప్తత: ఐసెట్ సాయంత్రం తరగతి సాధన పత్రం, హనుమకొండ

సమయం: 8 ప్రశ్నలకు 6 నిమిషాలు. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు ఇస్తారు కాబట్టి ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. విశ్లేషణ విభాగంలోని 75 ప్రశ్నల్లో 20 ఈ రకానివే.

ప్రతి ప్రశ్న కింద రెండు ప్రవచనాలున్నాయి. మీరు జవాబు కనుక్కోనక్కర లేదు. ఇచ్చిన సమాచారంతో ఒకే ఒక్క జవాబు వస్తుందా, రాదా అన్నది తేల్చి, ఈ అక్షరాల్లో ఒకటి రాయండి.

అ: I ఒక్కటే చాలు, II ఒక్కటే చాలదు.
ఆ: II ఒక్కటే చాలు, I ఒక్కటే చాలదు.
ఇ: విడివిడిగా చాలవు, రెండూ కలిస్తే చాలు.
ఈ: ఏది తీసుకున్నా విడిగా చాలు.
ఉ: రెండూ కలిసినా చాలవు.

(ఈ అక్షరాలు మన పత్రానికి మాత్రమే. అసలు పరీక్షలో ఐచ్ఛికాలు, వాటి వరుస వేరుగా ఉండవచ్చు. అక్కడి నిర్దేశం చదవకుండా పెన్ను పట్టవద్దు.)

ప్రశ్నలు

1. ఒక రైతు ఎనుమాముల మార్కెట్‌కు సమాన బరువున్న మిర్చి బస్తాలు తెచ్చాడు. ఆ సరుకు విలువ ఎంత?
I. బస్తాలు 32, ఒక్కో బస్తా 40 కిలోలు.
II. సరుకంతా క్వింటాలుకు 14,350 రూపాయల ధరకు అమ్ముడుపోయింది.

2. అదే రైతు, అవే రెండు ప్రవచనాలు. సాయంత్రం ఆయన చేతికి ఎంత సొమ్ము వచ్చింది?

3. బస్టాండు దగ్గరి హోటల్లో టీ 12 రూపాయలు, సమోసా 15 రూపాయలు. కొందరు మిత్రులు ఈ రెండే తీసుకున్నారు. సమోసాలు ఎన్ని?
I. బిల్లు 69 రూపాయలు.
II. సమోసాల కంటే టీలు తక్కువ.

4. 6 పెన్నులు, 4 నోటుపుస్తకాలు కొంటే ఎంత అవుతుంది? (విడి ధరలు మారవు, తగ్గింపు లేదు.)
I. 3 పెన్నులు, 2 నోటుపుస్తకాలు కలిపి 110 రూపాయలు.
II. 9 పెన్నులు, 6 నోటుపుస్తకాలు కలిపి 330 రూపాయలు.

5. n పూర్ణసంఖ్య. n సరి సంఖ్యేనా?
I. 3n + 1 సరి సంఖ్య.
II. n² + n సరి సంఖ్య.

6. x వాస్తవ సంఖ్య. x విలువ ఎంత?
I. x² = 49
II. x³ = 343

7. రామప్ప గుడి శాసనం వేసిన ఎన్నేళ్లకు ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది?
I. శాసనం 1213 నాటిది.
II. గుర్తింపు 2021లో వచ్చింది.

8. స్థిరమైన వేగంతో పోతున్న గూడ్సు రైలు కాజీపేటలో ఆగకుండా 300 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని పూర్తిగా దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?
I. రైలు వేగం గంటకు 54 కిలోమీటర్లు.
II. ప్లాట్‌ఫారం మీది దీపస్తంభాన్ని అది 20 సెకన్లలో దాటింది.

జవాబులు: 1 ఇ, 2 ఉ, 3 అ, 4 ఈ, 5 అ, 6 ఆ, 7 ఇ, 8 ఇ

వివరణ

1, 2. మొదటి ప్రశ్నలో బరువు ఒకచోట, ధర మరోచోట ఉన్నాయి. రెండూ కలిస్తే విలువ వస్తుంది. వస్తుందని తెలిశాక గుణకారం ఎందుకు? 14,350ని 12.8తో గుణించినవాళ్లు నిమిషం పోగొట్టుకున్నారు, మార్కు మాత్రం అంతే.

రెండో ప్రశ్నలో మారింది ఒక్క మాటే, ‘చేతికి’. మీలో సగం మంది ఇళ్లలో మిర్చి, పత్తి పండిస్తారు. తక్‌పట్టీ చూసినవాళ్లెవరైనా సరుకు విలువ మొత్తం రైతు చేతికి వస్తుందని అంటారా? హమాలీ, కమీషన్ లాంటి కోతలు ఉన్నాయో లేవో, ఉంటే ఎంతో ప్రవచనాలు చెప్పలేదు. అందుకే ఉ. ప్రశ్న అడిగింది దేన్నో, ప్రవచనాలు ఇచ్చింది దేన్నో వేళ్లు పెట్టి పోల్చుకోండి. ఈ రకం ప్రశ్నల్లో ఎక్కువ మార్కులు పోయేది లెక్క రాక కాదు, ప్రశ్నలోని ఒక మాట మీద నుంచి కళ్లు జారిపోయి.

3. తరగతిలో ఎక్కువ మంది ఇ రాసే ప్రశ్న ఇది. ‘తెలియని రాశులు రెండు, సమీకరణం ఒకటి, కనుక చాలదు’ అనే సూత్రం అందరికీ కంఠస్థం. సూత్రం మంచిదే, కానీ సమోసాను ముక్కలు చేసి లెక్కించం కదా. టీలు a, సమోసాలు b అనుకుంటే 12a + 15b = 69, అంటే 4a + 5b = 23. b స్థానంలో 0, 1, 2, 3, 4 పెట్టి చూడండి. 23 నుంచి 5bని తీసివేస్తే మిగిలేవి 23, 18, 13, 8, 3. వీటిలో 4తో నిశ్శేషంగా భాగించగలిగేది 8 ఒక్కటే. దారి ఒక్కటే ఉంది కాబట్టి I చాలు. రెండోది ఒంటరిగా ఏమీ చెప్పదు.

బిల్లు 117 రూపాయలైతే కథ మారేది. అప్పుడు 4a + 5b = 39. 6 టీలు, 3 సమోసాలూ కుదురుతాయి, 1 టీ, 7 సమోసాలూ కుదురుతాయి. అప్పుడు రెండో ప్రవచనం అవసరమై జవాబు ఇ అయ్యేది. కాబట్టి సమీకరణాల లెక్క చూసి తీర్పు చెప్పకండి. వస్తువులు, మనుషులు, బస్తాలు వచ్చినచోట పూర్ణసంఖ్యల నిబంధన మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది.

4. పెన్ను ధర విడిగా రాదు. నోటుపుస్తకం ధరా రాదు. రెండో ప్రవచనం మొదటిదాన్నే మూడుతో గుణించి రాసింది, కొత్త సంగతేమీ లేదు. ఇంతవరకు వచ్చి చాలామంది ఉ పెట్టేస్తారు. కానీ ప్రశ్న విడి ధరలు అడిగిందా? 6, 4 అన్నవి 3, 2కు రెట్టింపు. మొదటి ప్రవచనాన్ని రెట్టింపు చేసినా, రెండోదాన్ని మూడింట రెండు వంతులు చేసినా మొత్తం దొరుకుతుంది. ‘ఒక పెన్ను ధర ఎంత’ అని అడిగి ఉంటే ఉ సరిపోయేది.

5. 3n + 1 సరి అయితే 3n బేసి, కనుక n బేసి. అంటే ‘సరి సంఖ్యేనా?’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అని ఖాయంగా చెప్పగలిగాం. ‘కాదు’ కూడా నికార్సైన జవాబే! కిందటి వారం ఇద్దరు విద్యార్థులు ఇక్కడ పోట్లాడుకున్నారు, ‘కాదు’ అని తేలితే ప్రవచనం చాలలేదని ఒకరి వాదన. చాలకపోవడం అంటే అవునో కాదో తేలకపోవడం. II అలాంటిదే. n² + n అంటే n(n + 1), పక్కపక్క సంఖ్యల లబ్ధం ఎప్పుడూ సరే, n ఏదైనా సరే.

6. వర్గం 7నూ −7నూ వేరు చేయలేదు, ఘనం చేస్తుంది. x బస్తాల సంఖ్య అని ప్రశ్నలో ఉంటే మాత్రం రెండూ విడిగా చాలేవి.

7. ములుగు దారిలో పాలంపేటకు పోయి వచ్చినవాళ్లకు రెండు సంవత్సరాలూ నోటికి వచ్చి ఉండవచ్చు. అయినా ఈ పరీక్షలో మీకు తెలిసినది లెక్కలోకి రాదు, కాగితం మీద ఉన్నదే వస్తుంది. I చదువుతున్నప్పుడు 2021 మీకు తెలియదు, II చదువుతున్నప్పుడు 1213 మరచిపోవాలి. II చూసేటప్పుడు I గుర్తుండిపోవడమే పెద్ద చిక్కు. మొదటి ప్రవచనాన్ని అరచేత్తో మూసి రెండోది చదవండి, సిగ్గుపడనక్కర లేదు.

8. వేగం, స్తంభం దాటిన సమయం కలిస్తే రైలు పొడవు వస్తుంది. ఆ పొడవుకు ప్లాట్‌ఫారం కలిపి వేగంతో భాగిస్తే సెకన్లు. దారి కనబడింది చాలు, ఆగండి.

రేపటికి పని: రెండో ప్రశ్నకు మూడో ప్రవచనం ఒకటి మీరే రాసుకు రండి. అది చేరితే రైతు చేతికి వచ్చిన సొమ్ము కచ్చితంగా తేలాలి. ఒకే వాక్యం, ఇంట్లో ఎవరినైనా అడిగి రాసినా పరవాలేదు.