దుబాయి ఆఫర్ లెటర్‌లో అరబ్బీ మాటలు, మొదటి నెల ఖర్చు లెక్క

జగిత్యాల, కోరుట్ల దిక్కు నుంచి దుబాయికి హెల్పర్ పనికి పోయేవాళ్ల కోసం ఈ కాగితం. ఆఫర్: నెలకు 1,000 దిర్హమ్‌లు, రూమ్ కంపెనీది, వంట మీది. లెటర్‌లో ఇంగ్లిష్, అరబ్బీ పక్కపక్కన ఉంటాయి. రెండింటికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుంది. కాబట్టి అరబ్బీ చదివేవాళ్లతో ఈ మాటలు వెతికించండి.

రాతిబ్ అసాసీ అంటే బేసిక్ జీతం. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఏడాది నిండినవాళ్లకు పని మానేటప్పుడు వచ్చే ముకాఫఅత్ నిహాయత్ అల్ ఖిద్మా, అంటే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున కడతారు. బేసిక్ 800 అయితే ఏడాదికి 560 దిర్హమ్‌లు. అదే 1,000ని 500 బేసిక్, 500 అలవెన్సుగా విడగొడితే 350కి పడిపోతుంది. చేతికొచ్చే జీతం మారదు కాబట్టి చాలామంది పట్టించుకోరు.

బదల్ తఆమ్ తిండి పైసలు, బదల్ సకన్ రూమ్ పైసలు. పక్కన షామిల్ అని ఉంటే అవి జీతంలోనే కలిసి ఉన్నాయని, విడిగా రావని అర్థం. ఫత్రత్ అల్ తజ్రిబా ప్రొబేషన్, ఆరు నెలలు దాటకూడదు. అమల్ ఇజాఫీ ఓవర్‌టైమ్.

అలా హిసాబ్ సాహిబ్ అల్ అమల్ అంటే ఖర్చు యజమానిది. అలా హిసాబ్ అల్ ఆమిల్ అంటే మీది. టికెట్, వీసా అన్న చోట ఈ రెండింటిలో ఏది ఉందో వేలు పెట్టి చూడండి. తాషీరత్ జియారా అని ఉంటే అది విజిట్ వీసా, దాని మీద పని చేయకూడదు. ఏజెంటు ఎంత చెప్పినా ఆగండి.

అంకెలు అరబ్బీవైతే ఇంకో తిరకాసు: గుండ్రంగా సున్నాలా ఉండేది 5, చుక్క సున్నా. మాటలు కుడి నుంచి చదివినా అంకెలు మాత్రం ఎడమ నుంచే.

ఇక లెక్క. 8వ తేదీన పనిలో చేరారు. జీతం పై నెల మొదటి వారంలో వస్తుంది, బ్యాంకు కార్డు ఆలస్యమైతే ఇంకా వెనక్కి. అందుకే ఇంటి నుంచే 500 దిర్హమ్‌లు పట్టుకుపోవాలి. దిర్హమ్ 24 రూపాయలనుకుంటే 12,000.

బియ్యం, పప్పు, కూరగాయలు, మెస్ వాటా: 270
సిమ్, రీచార్జి: 50
గిన్నె, ప్లేటు, దుప్పటి, సబ్బులు: 70
బస్సు: 30
ముట్టుకోనివి: 80

30 రోజుల నెలలో 23 రోజులకు జీతం 766. అందులో పై నెల తిండికి 270, ఫోనుకు 30, చేతిలో 100, పంపే చార్జీ 20 తీస్తే మిగిలేది 346, అంటే సుమారు 8,300 రూపాయలు. లక్షన్నర అప్పుకు నూటికి రెండు రూపాయల మిత్తి లెక్కన 3,000 అందులోంచే పోవాలి. ఇంట్లో చేరేది 5,300. మొదటి నెల ఇంతకన్నా ఎక్కువ పంపుతామని ఊళ్లో మాటివ్వకండి.