విడిభాగాల గోదాము, రెండో ర్యాక్: 2024-25 వాడకం విలువ మీద ఏ-బీ-సీ వర్గీకరణ

స్టోర్ సిబ్బందికి, పర్చేజ్ సెక్షన్‌కు
విజయవాడ ఆటోనగర్, 2025 ఏప్రిల్ 9

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా ఈ ర్యాక్ నుంచి బయటికి వెళ్లిన సరుకు విలువ రూ.24,00,000. ఇష్యూ స్లిప్పుల్ని బిన్ కార్డులతో సరిచూసి, తిరిగొచ్చినవి తీసేసి వేసిన లెక్క ఇది. ఏడాదిలో వెళ్లిన సంఖ్యని సగటు కొనుగోలు రేటుతో గుణించి, పెద్ద విలువ పైన ఉండేలా పేర్చాం.

| విడిభాగం | సంఖ్య | రేటు (రూ.) | విలువ (రూ.) | కలుపుకుంటూ % | వర్గం |
|---|---|---|---|---|---|
| క్లచ్ ప్లేట్ సెట్ | 120 | 8,500 | 10,20,000 | 42.5 | ఏ |
| టర్బోచార్జర్ | 24 | 22,000 | 5,28,000 | 64.5 | ఏ |
| బ్రేక్ లైనింగ్ సెట్ | 260 | 1,400 | 3,64,000 | 79.7 | ఏ |
| వీల్ బేరింగ్ | 110 | 1,600 | 1,76,000 | 87.0 | బీ |
| ఆయిల్ ఫిల్టర్ | 400 | 350 | 1,40,000 | 92.8 | బీ |
| వాటర్ పంప్ | 20 | 3,200 | 64,000 | 95.5 | బీ |
| ఫ్యాన్ బెల్ట్ | 90 | 450 | 40,500 | 97.2 | సీ |
| వీల్ బోల్ట్ | 600 | 45 | 27,000 | 98.3 | సీ |
| ఆయిల్ సీల్ | 250 | 90 | 22,500 | 99.3 | సీ |
| హెడ్‌లైట్ బల్బు | 150 | 120 | 18,000 | 100 | సీ |

షీట్‌లో విలువ E కాలమ్‌లో, కలుపుకుంటూ వచ్చిన శాతం F కాలమ్‌లో ఉన్నాయి:

```
E2: =C2*D2
F2: =SUM($E$2:E2)/SUM($E$2:$E$11)
```

80 శాతం దాకా ఏ, 95 దాకా బీ అని గీత పెట్టుకున్నాం. వాటర్ పంప్ ఆ గీతని అర శాతం దాటింది. అయినా బీలోనే ఉంచాను. ఒక్కో పంపు రూ.3,200 చేసే సరుకుని బోల్టుల పక్కన పడేయలేం.

రేటు ఒక్కటే చూసినా, కదలిక ఒక్కటే చూసినా పొరపాటు పడతాం. ఆయిల్ ఫిల్టర్లు రోజూ పోతుంటాయి కాబట్టి అవే ముఖ్యమనుకున్నాం ఇన్నాళ్లూ. నెలకి రెండే పోయే టర్బోచార్జర్ విలువ వాటికి మూడు రెట్ల పైనే ఉంది. పది ఐటమ్స్‌లో మూడింటి మీదే దాదాపు 80 శాతం డబ్బు తిరుగుతోంది.

‘ఏ’ వర్గాన్ని ప్రతి నెలా మొదటి శనివారం చేత్తో లెక్కపెట్టాలి. ఒక్క పీసు తేడా వచ్చినా ఆ రోజే నాకు చెప్పాలి. ఆర్డర్ తక్కువ తక్కువగా, తరచుగా పెడదాం. బీ వర్గానికి మూడు నెలలకోసారి లెక్క చాలు.

సీ వర్గం అంటే విలువ తక్కువని మాత్రమే, అవసరం తక్కువని కాదు. పోయిన ఆగస్టులో రూ.90 ఆయిల్ సీల్ లేక ఒక టిప్పర్ రెండు రోజులు జాకీల మీదే నిలబడింది. డ్రైవరు మన కౌంటర్ పక్కనే బెంచీ మీద పడుకున్నాడు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే సీ సరుకుకి రెండు డబ్బాలు పెడుతున్నాం. మొదటిది ఖాళీ అయి రెండోది తెరిచిన రోజే ఇండెంట్ రాయాలి. రెండో డబ్బాలో నెలకి సరిపడా సరుకు ఉండాలి.

బిన్ కార్డుల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ స్టిక్కర్లు ఏప్రిల్ 12, శనివారం సాయంత్రానికల్లా అంటించాలి. అక్టోబరు మొదటి వారంలో ఈ లెక్క మళ్లీ వేస్తాం.

స్టోర్ ఇన్‌చార్జ్