విషయం: హేమంత్ (పదో తరగతి, బి సెక్షన్) లెక్కల్లో వెనకబడటం గురించి

డిల్లేశ్వరరావు గారికి నమస్కారం.

నేను సావిత్రిని, హేమంత్ క్లాస్ టీచర్ని. వాళ్లకి లెక్కలు చెప్పేదీ నేనే. జూన్‌లో మీరు సెలవు మీద వచ్చినప్పుడు బడికి వచ్చి, "డ్యూటీలో ఫోన్ ఎత్తడం కుదరదు మేడం, ఏదైనా ఉంటే మెయిల్ పెట్టండి, రూముకి వెళ్లాక చూసుకుంటాను" అని ఈ అడ్రస్ రాసిచ్చారు. ఇప్పుడు ఆ అవసరం వచ్చింది. ముందుగా ఒక మాట: బాబు ఆరోగ్యంగా ఉన్నాడు, బడిలో ఎవరితోనూ ఏ గొడవా లేదు. టెన్షన్ పడకుండా నిదానంగా చదవండి.

హేమంత్ మార్కులు తగ్గాయి. లెక్కల్లో జూలై పరీక్షలో 50కి 41, ఆగస్టులో 38 వచ్చాయి. దసరా సెలవుల తర్వాత పెట్టిన పరీక్షలో 23కి పడిపోయాడు. మొన్న నవంబరు పరీక్షలో 19. భౌతిక శాస్త్రంలో 25కి 18 తెచ్చుకునేవాడు, ఈసారి 11 వచ్చాయి. తెలుగు, సోషల్ మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. సోషల్‌లో అయితే రెండు మార్కులు పెరిగాయి కూడా.

ఈ తేడా చూశాకే నాకు అనుమానం వచ్చింది. చదువు మీద ధ్యాస పోయిన పిల్లాడికి అన్నీ తగ్గుతాయి. ఇంట్లో కూర్చుని సొంతంగా చదువుకోగలిగే సబ్జెక్టులు బాగానే ఉండి, బోర్డు మీద మెట్టు మెట్టుగా చెబితే తప్ప అర్థం కానివే పడిపోయాయంటే, క్లాసులే తప్పిపోతున్నాయన్నమాట. హాజరు పట్టీ తీసి చూశాను. సెప్టెంబరు నుంచి ఇప్పటివరకు 17 రోజులు రాలేదు. అందులో మూడు రోజులు జ్వరం. మిగిలిన 14 రోజులూ మంగళవారాలు, శుక్రవారాలే. క్లాస్ టీచర్నయి ఉండి ఈ సంగతి సెప్టెంబరులోనే పట్టుకోవలసింది. ఆలస్యం నాదే.

హేమంత్‌ని విడిగా కూర్చోబెట్టి అడిగితే మొదట చెప్పలేదు. రెండోసారి అడిగాక చెప్పాడు. తాతగారిని పలాస డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాడట. ఇంతకుముందు వాళ్ల మావయ్య తీసుకెళ్లేవారు. ఆయన ఆగస్టు చివర్లో పనికోసం విశాఖ వెళ్లిపోయాక ఆ బాధ్యత వీడి మీద పడింది. అమ్మగారికి జీడిపప్పు పని ఉంది. ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది. "నాన్నకి చెప్పకండి మేడం, పని మానేసి వచ్చేస్తానంటారు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ మాట నన్ను చాలా కదిలించింది. అయినా మీకు తెలియకుండా ఇది చక్కబడదని వాడికి నచ్చజెప్పాను. గురువారం అమ్మగారు కూడా బడికి వచ్చి మాట్లాడారు. మీకు రాస్తున్నానని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒప్పుకున్నారు. మీరు ఉన్నపళంగా బయల్దేరి రావాలని నేను రాయడం లేదు. అంత అవసరం లేదు కూడా.

మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతికితే దొరకదు. నా క్లాసులోనే ఇంకో ఇద్దరు పిల్లల ఇళ్లలో ఇదే పరిస్థితి. కాబట్టి తాతగారి వెంట వెళ్లడం తప్పని నేను అనను. పదిహేనేళ్ల పిల్లాడు అంత బాధ్యతగా ఉన్నందుకు మీరు గర్వపడాలి. కాకపోతే ఇది పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మధ్యలో మిగిలింది నాలుగు నెలలు కూడా లేదు.

ఇప్పుడు వాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చెబుతాను. వర్గ సమీకరణాలు సెప్టెంబరులో చెప్పాను. వాడు రాని రోజుల్లో ఆ పాఠంలో మూడు క్లాసులు అయిపోయాయి. నవంబరు పేపర్లో ఈ లెక్క ఇచ్చాను:

2x² + x − 6 = 0

మధ్య పదాన్ని 4x, −3x అని సరిగ్గా విడగొట్టాడు. అందరూ తడబడేది అక్కడే. అది దాటేశాడు. తర్వాత −3x − 6 లోంచి −3 ఉమ్మడిగా తీసి −3(x − 2) అని రాశాడు. −3(x + 2) రావాలి. దాంతో ఒక బ్రాకెట్లో x + 2, ఇంకో బ్రాకెట్లో x − 2 వచ్చాయి. రెండూ కలవకపోయేసరికి లెక్క అక్కడే వదిలేసి కింద రెండు గీతలు గీశాడు. ఒక్క గుర్తు తప్పు. క్లాసులో ఉండి ఉంటే అర నిమిషంలో దిద్దేదాన్ని. అదే తప్పు ఇంకో రెండు లెక్కల్లో కూడా చేశాడు. ఎవరూ దిద్దకపోతే తప్పే అలవాటైపోతుంది.

వాడి నోట్సులో ఇంకొకటి కనిపించింది. త్రిభుజాల పాఠం దగ్గర ఒక పాత మందుల చీటీ మడిచి పెట్టి ఉంది. దాని వెనక పెన్సిల్‌తో పటం గీసి, ఒక సరూప త్రిభుజాల లెక్క సగం వరకు చేశాడు. ఆసుపత్రిలో కూర్చున్నప్పుడు చేశాడట. తాతగారికి డయాలసిస్ అయ్యేవరకు ఆ నాలుగు గంటలూ పుస్తకం లేక, గుర్తున్నంత చేశానన్నాడు. జూలైలో రేఖీయ సమీకరణాలు చెబుతున్నప్పుడు పెద్ద కొబ్బరికాయల ధర, చిన్నకాయల ధర పెట్టి సొంతంగా లెక్క తయారుచేసి నన్నే చెయ్యమన్నాడు. వీడికి లెక్కలు రావని నేను ఏనాటికీ ఒప్పుకోను.

ఇక ఏం చేద్దామనేది. బడి వైపు నుంచి కొన్ని మొదలుపెట్టేశాను. సోమ, బుధ, గురువారాలు సాయంత్రం బడి వదిలాక 45 నిమిషాలు హేమంత్‌తో పాటు ఇంకో ముగ్గురిని కూర్చోబెట్టి వర్గ సమీకరణాలు మొదటి నుంచి చెబుతున్నాను. అది అయ్యాక త్రిభుజాలు. ఈ వారం మూడు రోజులూ వచ్చాడు. గుర్తుల తప్పు రెండో రోజుకే సగం తగ్గింది. భౌతిక శాస్త్రం మాస్టారు శనివారం మధ్యాహ్నం ఒక గంట ఇస్తానన్నారు. ఎప్పుడైనా బడి మానడం తప్పకపోతే, ఆ రోజు పాఠం నోట్సు ఫొటోలు వాడి పక్కన కూర్చునే కుర్రాడు అమ్మగారి వాట్సాప్‌కి పంపుతాడు. నేను ఒక కాగితం మీద ఐదు లెక్కలు ముందురోజే రాసిస్తాను. ఆసుపత్రిలో చేసుకుని మర్నాడు చూపించాలి.

మీరు చెయ్యాల్సినవి రెండే ఉన్నాయి.

మొదటిది మంగళ, శుక్రవారాల సంగతి. మీ వెనక వీధిలో ఇంకొకాయన కూడా అవే రోజుల్లో, అదే ఆసుపత్రికి భార్యతో కలిసి ఆటోలో వెళ్తారని హేమంత్ చెప్పాడు. ఇద్దరు పెద్దవాళ్లనీ ఒకే ఆటోలో పంపితే, అక్కడ ఆవిడ తోడుంటారు, ఆటో ఖర్చు కూడా సగం పంచుకోవచ్చు. డయాలసిస్ అయ్యాక తాతగారికి నీరసంగా ఉంటుంది, ఆటో దిగి ఇంట్లోకి నడిపించడానికి మనిషి కావాలి. ఆ వేళకి అమ్మగారు పనిలోంచి గంట ముందు రాగలనన్నారు. అమ్మగారు వాళ్లని అడగడానికి మొహమాటపడుతున్నారు. మీరు ఒక్క ఫోన్ చేసి అడిగితే ఆ మాటకి బరువు ఉంటుంది. ఒకవేళ వాళ్లకి వీలుపడకపోతే, వేరే షిఫ్టు దొరుకుతుందేమో ఆసుపత్రిలో అడిగి చూడమని అమ్మగారికి చెప్పాను. ఏదీ కుదరకపోతే కనీసం మంగళవారమైనా బడికి రావాలి. శుక్రవారం పాఠం నేను సర్దుకోగలను. వారంలో రెండు రోజులు పోతే మాత్రం నా వల్ల కాదు.

రెండోది చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పాలి. మీరు రోజూ అక్కడ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తారట. ఇక్కడ అప్పటికి పదిన్నర. మీతో మాట్లాడాకే పడుకుంటాడు, ఒక్కోసారి పదకొండున్నర దాటుతుంది. పొద్దున్నే నీళ్లు పట్టడానికి ఐదింటికి లేస్తాడు. మొదటి పీరియడ్‌లో వాడి కళ్లు మూతలు పడుతుంటే చూస్తున్నాను. మీకు వీలుంటే డ్యూటీ దిగగానే, అక్కడ ఏడుకి చెయ్యండి. కుదరని రోజు చిన్న వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. పొద్దున్న విని బడికి వస్తాడు. మాట్లాడటం తగ్గించమని నా ఉద్దేశం కాదు. మీ ఫోన్ వచ్చిన మర్నాడు వాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మార్కుల గురించి వాడిని కోప్పడవద్దని నా మనవి. ఇప్పటికే తప్పంతా తనదే అనుకుంటున్నాడు. "మేడం రాశారు, నువ్వు తాతని చూసుకున్నందుకు సంతోషంగా ఉంది, ఇక ఆ పని మేం చూసుకుంటాం, నువ్వు బడికి వెళ్లు" అని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. మేం వంద చెప్పినా ఆ ఒక్క మాటకి సాటి రాదు.

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకోవాలని వాడికి ఉంది. జూన్‌లో మీరు కూడా అదే అన్నారు. అక్కడ సీట్లు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు కాబట్టి లెక్కల్లో 19 దగ్గర ఆగితే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పటి నుంచి క్రమంగా బడికి వస్తే తిరిగి 40 దాటగలడని నా నమ్మకం. సీటు వస్తుందని నేను మాట ఇవ్వలేను. పోటీ అలా ఉంటుంది. పోటీలో నిలబడే మార్కుల వరకు మాత్రం తీసుకెళ్లగలం.

డిసెంబరు మూడో వారంలో మళ్లీ పరీక్ష ఉంది. అందులో 30 వస్తే దారిలో పడ్డట్టే. రాకపోతే ఏం మార్చాలో మళ్లీ కూర్చుని చూద్దాం. ఆ మార్కులు, హాజరు రెండూ మీకు ఇదే అడ్రస్‌కి పంపుతాను.

శుక్రవారం మీకు సెలవు కదా. వచ్చే శుక్రవారం సాయంత్రం ఇక్కడ ఐదింటికి, అంటే మీకు మూడున్నరకి, అమ్మగారు, హేమంత్, నేను స్టాఫ్ రూములో ఉంటాం. వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడితే అన్నీ ఖాయం చేసుకోవచ్చు. ఆ వేళ కుదరకపోతే మీకు వీలైన సమయం రాయండి, నేను సర్దుకుంటాను. వెనక వీధి వాళ్లతో మాత్రం అంతకుముందే మాట్లాడితే బాగుంటుంది. మంగళవారం నుంచే హేమంత్ క్లాసులో ఉండాలని నా ఆశ.

తాతగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
బి. సావిత్రి
గణిత ఉపాధ్యాయిని, క్లాస్ టీచర్, పదో తరగతి బి సెక్షన్