శుద్ధి చేసి వదిలే నీటి పరిశీలన నివేదిక, ఏప్రిల్–జూన్ 2025: సభలో చదవడానికి తెలుగు పాఠం

సభ: 2025 జులై 26, శనివారం, సాయంత్రం 5 గంటలకు, గ్రామ పంచాయతీ ఆవరణలో.
విషయం: గుంటూరు శివారులోని పాల ఉత్పత్తుల కర్మాగారం మన మురుగు కాలువలోకి వదులుతున్న నీరు.

అనువాదకుడి మాట, ముందుగా

ఆంగ్ల నివేదిక 14 పేజీలు. అందులోని ఏ అంకెనూ నేను మార్చలేదు, గుండ్రం చేయలేదు. నా వివరణ చేర్చిన ప్రతిచోటా ‘అనువాదకుడి మాట’ అని రాశాను. వేదిక మీద చదివేవారు ఆ రెండు పదాలనూ దయచేసి మింగేయవద్దు. ప్రయోగశాల ఏమి చెప్పింది, నేను ఏమి చెప్పాను అన్నది వినేవారికి విడివిడిగా తెలియాలి.

ఇంకొకటి. నివేదికలో ‘ఛానల్’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘మురుగు కాలువ’ అని రాశాను. మన ప్రాంతంలో ఛానల్ అంటే ప్రకాశం బ్యారేజీ నుంచి కృష్ణ నీరు తెచ్చే గుంటూరు ఛానలే గుర్తొస్తుంది. ఈ నివేదికకు దానితో సంబంధం లేదు.

1. కర్మాగారం, దాని నీరు

ఈ కర్మాగారం రోజుకు లక్ష లీటర్ల పాలను శుద్ధి చేసి ప్యాకెట్లు, పెరుగు, నెయ్యి తయారు చేస్తుంది. ట్యాంకర్లు, గొట్టాలు, యంత్రాలు కడగగా రోజుకు సగటున 240 కిలోలీటర్ల వ్యర్థ జలం వస్తుంది. అనుమతి 300 కిలోలీటర్ల వరకు ఉంది. ఈ నీరు ముందు జల్లెడ గుండా పోతుంది. తరువాత నెయ్యి, నూనె తెట్టెను తీసే తొట్టిలోకి, అక్కడి నుంచి ఎక్కువ తక్కువలను సమం చేసే పెద్ద ట్యాంకులోకి చేరుతుంది. ఆపైన గాలి ఊదే ట్యాంకు. చివరి ట్యాంకులో మడ్డి అడుగుకు దిగుతుంది, తేటనీరు కాలువలోకి పోతుంది.

అనువాదకుడి మాట: వీటన్నిటిలో అసలు పని జరిగేది గాలి ఊదే ట్యాంకులో. అక్కడ పని చేసేది యంత్రం కాదు, సూక్ష్మజీవులు. పాలలోని కొవ్వు, చక్కెర, మాంసకృత్తులను అవే తింటాయి. తినడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. దాన్ని అందించేది బ్లోయరు. బ్లోయరు ఆగితే సూక్ష్మజీవులకు ఊపిరి ఆడదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఆరో విభాగం తేలిగ్గా అర్థమవుతుంది.

2. నమూనాలు తీసిన తీరు

మూడు నెలల్లో ఆరుసార్లు, కర్మాగారం సిబ్బంది సమక్షంలో, శుద్ధికి ముందు ఒకటి, తరువాత ఒకటి చొప్పున నమూనాలు తీశాము. అన్నీ ఒక్క ముంచులో తీసినవే. రోజంతా గంట గంటకూ తీసి కలిపినవి కావు.

అనువాదకుడి మాట: అంటే ఆరు రోజుల్లో ఆరు క్షణాల సంగతి మాత్రమే మన చేతిలో ఉంది. మిగిలిన 85 రోజుల గురించి ఈ నివేదిక మంచీ చెప్పదు, చెడూ చెప్పదు.

3. బీఓడీ అంటే

జీవరసాయన ఆక్సిజన్ డిమాండ్, అంటే బీఓడీని, నీటిని 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజులు ఉంచి, భారతీయ ప్రమాణం ఐఎస్ 3025, 44వ భాగం ప్రకారం కొలిచాము.

అనువాదకుడి మాట: మూలంలో ఉన్నది ఇంతే. ఈ ఒక్క వాక్యం దగ్గర నాకు రెండు రోజులు పట్టింది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘జీవరసాయన ప్రాణవాయు అవసరం’ అంటారు. ఆ మాట వింటే ప్రాణవాయువు అవసరమట, మంచిదేగా అనిపిస్తుంది. నిజం తలకిందులు. ఇది ఆ నీరు చేసే అప్పు. నీటిలో మిగిలిపోయిన పాల మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు మూడు రోజుల్లో ఎంత ప్రాణవాయువును లాగేసుకుంటాయో ఆ లెక్కే బీఓడీ. అంకె పెరిగితే కాలువకు నష్టం.

27 డిగ్రీల వేడిలో లీటరు శుభ్రమైన నీటిలో కరిగి ఉండగలిగే ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములు. బీఓడీ 30 ఉన్న నీరు లీటరు వదిలితే, దాదాపు నాలుగు లీటర్ల మంచినీటిలోని ప్రాణవాయువు దానికి కావాలి. 58 ఉంటే ఏడు లీటర్లకు పైగా. తాగే పాలకైతే బీఓడీ దాదాపు లక్ష. లీటరు పాలు కాలువలో ఒలికితే 12,500 లీటర్ల నీటి ఊపిరి తీస్తుంది. పాలు విషం కావు, పసిపిల్లలు తాగేవే. చేప మాత్రం వాటి వల్లే చస్తుంది.

4. పరిమితులు

1974 నాటి జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతిలోని పరిమితులు ఇవి: లీటరుకు బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250, నీటిలో తేలే ఘనపదార్థాలు 100, నూనె, గ్రీజు 10, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య.

అనువాదకుడి మాట: సీఓడీ కూడా బీఓడీ లాంటి ప్రాణవాయువు లెక్కే. దాన్ని సూక్ష్మజీవులతో కాక రసాయనంతో కొలుస్తారు. ఇక బీఓడీ సంగతి. ‘పొలాలకు 100 దాకా వదలవచ్చని విన్నాము, మరి 30 ఎందుకు?’ అని ఇద్దరు రైతులు నన్ను ముందే అడిగారు. వారు విన్నది తప్పు కాదు. 1986 నాటి పర్యావరణ (పరిరక్షణ) నియమాల సాధారణ ప్రమాణాల్లో నీరు ఎక్కడికి పోతుందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. నదులు, కాలువల వంటి ఉపరితల జలాలకు 30, సాగుకోసం నేలమీదికి 100, శుద్ధి కేంద్రానికి చేరే పబ్లిక్ మురుగు గొట్టంలోకి 350. ఈ కర్మాగారానికి అనుమతి ఇచ్చింది కాలువలోకి వదలడానికి. కాబట్టి ఈ సభలో మాట్లాడవలసిన అంకె 30 ఒక్కటే.

‘పరిమితిలో ఉంది’ అంటే ‘మంచినీరు’ అని కూడా అనుకోవద్దు. స్నానానికి పనికొచ్చే నదీజలంలో బీఓడీ 3కు మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది.

5. ఫలితాలు

(పీహెచ్ తప్ప అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో. మొదటి అంకె మాత్రమే శుద్ధికి ముందుది.)

| తేదీ | ముందు బీఓడీ | తరువాత బీఓడీ | సీఓడీ | తేలే ఘనపదార్థాలు | నూనె, గ్రీజు |
|---|---|---|---|---|---|
| ఏప్రిల్ 9 | 1,010 | 22 | 104 | 46 | 4 |
| ఏప్రిల్ 23 | 1,040 | 24 | 112 | 52 | 5 |
| మే 7 | 1,060 | 26 | 118 | 55 | 5 |
| మే 21 | 990 | 19 | 92 | 41 | 3 |
| జూన్ 11 | 1,740 | 58 | 212 | 118 | 9 |
| జూన్ 25 | 1,060 | 25 | 116 | 60 | 5 |
| పరిమితి | లేదు | 30 | 250 | 100 | 10 |

పీహెచ్ ఆరుసార్లూ 6.8కీ 7.6కీ మధ్య ఉంది. సల్ఫైడు పరికరం పట్టగలిగే స్థాయి కంటే తక్కువ. శుద్ధి తరువాత బీఓడీ సగటు 29. శుద్ధి కేంద్రం సగటున 97.5 శాతం బీఓడీని తొలగిస్తోంది. బయటికి పోయే నీరు ఆరింటిలో ఐదుసార్లు పరిమితికి లోబడి ఉంది.

అనువాదకుడి మాట: చివరి వాక్యం నేను మార్చి రాసినది. అందుకే ఒప్పుకుంటున్నాను. మూలంలో ‘ఆరింటిలో ఐదుసార్లు’ అని లేదు. ‘నీరు సాధారణంగా ప్రమాణాలకు అనుగుణంగా ఉంది’ అని ఉంది. తెలుగులో ‘సాధారణంగా’ అని చదివితే ఏ గొడవా లేదన్నట్టు వినిపిస్తుంది. ప్రయోగశాలకు ఫోను చేసి, వారి ఒప్పుదలతో పట్టికలో ఉన్న లెక్కనే వాక్యంగా రాశాను.

సగటు 29 అన్నది తప్పు లెక్క కాదు. ఆరు అంకెలు కూడితే 174, ఆరుతో భాగిస్తే 29. కానీ అనుమతి పత్రంలో ‘సగటున 30’ అని ఎక్కడా లేదు. ఐదు రోజులు సమయానికి బడికి వెళ్లిన పిల్లవాడు ఆరో రోజు ఎగ్గొడితే హాజరు పట్టీలో ఆ రోజుకు ‘గైరు’ అనే పడుతుంది.

శాతాల సంగతీ అంతే. జూన్ 11న కూడా శుద్ధి కేంద్రం 96.7 శాతం తొలగించింది. పరీక్షలో ఇన్ని మార్కులొస్తే ఊరంతా మిఠాయిలు పంచుతాము. ఆ రోజు వదిలిన నీరు మాత్రం పరిమితికి దాదాపు రెట్టింపు. లోపలికి వచ్చే మురికి పెరిగితే, శాతం నిలకడగా ఉన్నా బయటి అంకె పెరుగుతుంది.

6. జూన్ 11న జరిగినది

ముందురోజు రాత్రి సుమారు 1,700 లీటర్ల విరిగిన పాలు కర్మాగారం లోపలి కాలువలోకి వదిలారు. అదే రాత్రి రెండు బ్లోయర్లలో ఒకటి బెల్టు తెగి తొమ్మిది గంటలు ఆగింది. బీఓడీ, తేలే ఘనపదార్థాలు రెండూ పరిమితి దాటాయి. సీఓడీ, నూనె పరిమితిలోనే ఉన్నాయి.

అనువాదకుడి మాట: దీన్ని మూలంలో ‘షాక్ లోడ్’ అన్నారు. కరెంటు షాకుతో సంబంధం లేదు. ఒక్కసారిగా మీదపడిన బరువు అని అర్థం. తిండి ఎక్కువై గాలి తక్కువైతే సూక్ష్మజీవులు పని తప్పుతాయి, మడ్డి సరిగ్గా దిగక నీటితోపాటు బయటికి పోతుంది. 118 అన్న అంకె అదే.

నన్ను ఎక్కువగా పట్టి ఆపింది వేరే. బీఓడీ పరీక్షకు మూడు రోజులు కావాలి. జూన్ 11 నాటి నీటి సంగతి జూన్ 14న గాని తెలియలేదు. అప్పటికి ఆ నీరు మన కల్లాల పక్కగా ఎప్పుడో వెళ్లిపోయింది. బ్లోయరు ఆగిందని మాత్రం ఆ రాత్రే డ్యూటీలో ఉన్న మనిషికి తెలుసు. సభలో అడగదలచుకుంటే నీటి అంకె కంటే ముందు ఆ రాత్రి లాగ్‌బుక్కు అడగండి.

7. మురుగు కాలువ

జూన్ 11న నీరు కలిసే చోటుకు ఎగువన కాలువలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 4.8 మిల్లీగ్రాములు, 200 మీటర్ల దిగువన 3.1. జూన్ 25న ఇవి 4.6, 4.2.

అనువాదకుడి మాట: చేపల పెంపకానికి పనికొచ్చే నీటిలో కనీసం 4 ఉండాలని కేంద్ర మండలి వర్గీకరణ. జూన్ రెండో వారంలో కాలువలో చేపలు తేలాయని కొందరు నాతో చెప్పారు. నివేదికలో చేపల ప్రస్తావన లేదు కాబట్టి పైన చేర్చలేదు. చూసినవారు తేదీతో సహా సభలో తామే చెప్పాలి.

8. ప్రయోగశాల సూచనలు

విరిగిన పాలను శుద్ధి కేంద్రానికి పంపకుండా విడిగా నిల్వచేయాలి. మూడో బ్లోయరును సిద్ధంగా ఉంచాలి. ఒక్క ముంచు నమూనాలతోపాటు నెలకొకసారి 24 గంటల మిశ్రమ నమూనా తీయాలి. సమం చేసే ట్యాంకులో సీఓడీని రోజూ చూడాలి.

అనువాదకుడి మాట: సీఓడీ పరీక్ష కొన్ని గంటల్లో తేలుతుంది, అందుకే రోజూ చూడమన్నారు. మూలంలో ఈ నాలుగూ ‘చేస్తే బాగుంటుంది’ అన్న స్వరంలో ఉన్నాయి, గడువు ఏదీ లేదు. తెలుగులో ‘చేయాలి’ అంటే ఆజ్ఞలా వినిపిస్తుంది. ఇవి ఆజ్ఞలు కావు, సలహాలు. ఆజ్ఞ ఇవ్వగలిగేది కాలుష్య నియంత్రణ మండలి.

ఆంగ్ల ప్రతి, ఈ తెలుగు ప్రతి రెండూ పంచాయతీ కార్యాలయంలో బల్లమీద ఉంటాయి. రెండింటిలో ఎక్కడైనా అంకె తేడా కనిపిస్తే ఆంగ్ల ప్రతిలోనిదే సరైనదిగా తీసుకుని, సభ మొదలయ్యేలోగా నాకు చెప్పండి. ముందు వరుసలో కూర్చుంటాను.