పత్తి కొనుగోళ్లు ఇక ఈఆర్‌పీనెక్స్ట్‌లో: ట్రైనింగ్ తేదీలు, సాయానికి ఎవరిని అడగాలి

తేదీ: 7 సెప్టెంబర్ 2026, సోమవారం
ఎవరికి: ఎనుమాముల హెడ్ ఆఫీసు, జిన్నింగ్ మిల్లు, పరకాల, నర్సంపేట, జమ్మికుంట కొనుగోలు కేంద్రాల సిబ్బంది అందరికీ

అందరికీ నమస్కారం.

అక్టోబర్ 5, సోమవారం నుంచి మన పత్తి కొనుగోళ్లన్నీ ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయి. ఎంగిలిపూల బతుకమ్మకు ముందే మొదలుపెట్టాలని కావాలనే ఈ తేదీ పెట్టాం. దసరా దాటితే బండ్లు బారులు తీరతాయి, అప్పుడు నేర్చుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఇది ఎందుకో ముందు చెప్పాలి. పోయిన సీజన్‌లో ఒక రైతు ట్రాలీ నిండు తూకం 4,260 కిలోలు, ఖాళీ తూకం 2,420. నికరం 18.40 క్వింటాళ్లు. కాంటా చిట్టీలో సరిగ్గానే ఉంది. దాన్ని చూసి ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు 14.80 అయింది, తక్‌పట్టీ కూడా దాని ప్రకారమే వచ్చింది. క్వింటాకు 7,500 లెక్కన చూసినా 27,000 రూపాయల తేడా. ఆ పెద్దాయన పొద్దున వచ్చి చీకటి పడేదాకా మన అరుగు మీదే కూర్చున్నాడు. చిట్టీ పుస్తకాలు నాలుగు తిరగేస్తే గానీ తప్పు దొరకలేదు. ఆ రోజు అంకె తప్పుగా ఎక్కించింది వేరెవరో కాదు, నేనే. ఒకే తూకాన్ని మూడు చోట్ల రాస్తే ఎవరి చేతనైనా అలా జరుగుతుంది. ఇకమీదట తూకం ఒక్కసారే ఎక్కుతుంది, అదీ కాంటా దగ్గరే. తక్‌పట్టీ, గోడౌన్ స్టాకు, రైతు బాకీ అన్నీ అక్కడి నుంచే వస్తాయి.

మారేది ఏమిటంటే, కాంటా దగ్గర ప్రతి బండికి ఒక Purchase Receipt తెరవాలి. రైతు, నిండు తూకం, ఖాళీ తూకం, తేమ మీటర్ రీడింగ్, రేటు వేయాలి. తేమ గడి మనం ప్రత్యేకంగా పెట్టించుకున్నది, అది ఖాళీగా ఉంటే బిల్లు ముందుకు కదలదు. సీసీఐ 8 శాతాన్ని ప్రామాణికంగా తీసుకుని 12 దాటిన పత్తిని తీసుకోదు. అందువల్ల రైతులకు ఈ అంకె బాగా తెలుసు, మనల్ని అడుగుతారు కూడా. తరుగు ఎంత తీశామో, ఎందుకు తీశామో తక్‌పట్టీ మీదే కనబడుతుంది. అడిగితే చూపించండి, దాచాల్సిన పని లేదు.

రైతును పేరుతో వెతకొద్దు. మన దగ్గర ఒకే ఊళ్లో నలుగురు సమ్మయ్యలు, ముగ్గురు సారయ్యలు ఉంటారు. ఫోన్ నంబరుతో వెతకండి. అది లేకపోతే పట్టాదారు పాస్‌బుక్ నంబరుతో వెతకండి. దొరక్కపోతేనే కొత్త పేరు చేర్చాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. Save వేరు, Submit వేరు. Save కొడితే అది Draft మాత్రమే, ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు, స్టాకులో ఏమీ మారదు. పైన నారింజ రంగులో Not Saved అని ఉంటే అది కూడా కాలేదన్నట్టు. Submit కొట్టాక తూకం, రేటు దిద్దడం కుదరదు. తప్పు దొరికితే Cancel చేసి, Amend నొక్కి, సరిచేసి మళ్లీ Submit చేయాలి. పాత బిల్లు చెరిగిపోదు, కొత్తదానికి అదే నంబరు చివర -1 చేరుతుంది. Cancel హక్కు సెంటర్ ఇన్‌చార్జిలకు, అకౌంట్స్‌కు మాత్రమే ఇచ్చాం. ఇది మీ మీద నమ్మకం లేక కాదు. వైట్‌నర్ పూసిన చిట్టీలతో ఆడిట్ ముందు కూర్చున్నవాళ్లకు ఈ పద్ధతి విలువ తెలుస్తుంది.

ఇది బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి నెట్ పోతే ఆగిపోతుంది. అప్పుడు బండిని ఆపొద్దు. చిట్టీ పుస్తకంలో రాసి, టైము కూడా వేసి పంపేయండి. నెట్ వచ్చాక ఎక్కించేటప్పుడు Edit Posting Date and Time గడికి టిక్ పెట్టి, చిట్టీ మీదున్న తేదీ, టైమే వేయండి. టిక్ మరిచిపోతే రాత్రి కొన్న పత్తి మర్నాటి స్టాకులోకి పోతుంది. చిట్టీ పుస్తకాలు అక్టోబర్ 31 వరకు పక్కన ఉంచండి, ఆ తర్వాత నెట్ పోయినప్పుడే తీయాలి.

హమాలీ లెక్కలు, జీతాలు, బేళ్ల అమ్మకాలు ఈ సీజన్‌కు పాత పద్ధతిలోనే సాగుతాయి. అన్నీ ఒకేసారి మార్చి అందరికీ టెన్షన్ పెట్టడం నాకు ఇష్టం లేదు.

ట్రైనింగ్ ఇలా జరుగుతుంది:

సెప్టెంబర్ 17, 18 (గురు, శుక్ర): కాంటా సిబ్బంది. హెడ్ ఆఫీసు మేడమీద హాలు, ఉదయం 10 నుంచి 1 వరకు. సగం మంది మొదటి రోజు, మిగతావాళ్లు రెండో రోజు రావాలి. కాంటా ఖాళీగా ఉండకుండా మీలో మీరు మాట్లాడుకోండి.
సెప్టెంబర్ 21, 22 (సోమ, మంగళ): అకౌంట్స్. అదే హాలు, మధ్యాహ్నం 2 నుంచి 5.30 వరకు. రెండు రోజులూ రావాలి. రైతుల దగ్గర కొన్న పత్తికి రివర్స్ ఛార్జ్ కింద జీఎస్టీ మనమే కట్టాలి కదా, ఆ ఎంట్రీలు రెండో రోజు చూస్తాం.
సెప్టెంబర్ 23 (బుధ): గోడౌన్, జిన్నింగ్, ప్రెస్సింగ్. మిల్లులోనే, షిఫ్టు మారే వేళ మధ్యాహ్నం 1.30కు, గంటన్నర.
సెప్టెంబర్ 24 పరకాల, 25 నర్సంపేట, 26 జమ్మికుంట: మేమే వస్తాం, ఉదయం 10.30కు. మీరు వరంగల్ రానక్కర్లేదు.
సెప్టెంబర్ 27 (ఆదివారం): తప్పిపోయినవాళ్లకు, ఇంకోసారి వినాలనుకున్నవాళ్లకు. హెడ్ ఆఫీసు, ఉదయం 10 గంటలకు. వచ్చినవాళ్లకు బదులు సెలవు ఉంటుంది.

సెప్టెంబర్ 30, బుధవారం అన్ని సెంటర్లలో ఉత్తుత్తి కొనుగోళ్లు చేస్తాం. ప్రతి కాంటా మీద పది బండ్లు వచ్చినట్టు అనుకుని బిల్లులు వేయాలి. అందులో రెండు కావాలనే తప్పు వేసి Cancel చేయించాలి. ఆ రోజు ఎన్ని తప్పులైనా చేయండి, అది ప్రాక్టీసు కాపీ. అందులో వేసిన తక్‌పట్టీ ప్రింటు మాత్రం బయటికి పోనివ్వొద్దు.

లాగిన్ ఐడీ, మొదటి పాస్‌వర్డ్ ట్రైనింగ్ రోజే చేతికిస్తాం. మొదటిసారి లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చుకోండి. దాన్ని కాంటా కంప్యూటర్ మీద చీటీ రాసి అంటించొద్దు. ఒకరి లాగిన్‌లో ఇంకొకరు బిల్లు వేయొద్దు, ప్రతి బిల్లు మీద ఎవరు వేశారో పేరు పడుతుంది.

సాయం కావాలంటే ముందు మీ సెంటర్‌లో ఎంపికచేసిన తోడును అడగండి. ప్రతి కాంటాకు ఒకరిని చూశాం, వాళ్లకు ఈ నెల 10, 11 తేదీల్లోనే నేర్పిస్తున్నాం. పేర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి. అక్కడ తేలకపోతే:

లాగిన్, ప్రింటర్, నెట్: సిస్టమ్స్ గది, ఎక్స్‌టెన్షన్ 31
బిల్లు, తరుగు, Cancel, రైతు చెల్లింపులు: అకౌంట్స్, ఎక్స్‌టెన్షన్ 24
స్టాకు తేడాలు: గోడౌన్ సూపర్‌వైజర్, ఎక్స్‌టెన్షన్ 42

సెంటర్ల వాళ్లు హెడ్ ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు చేసి ఈ నంబర్లు అడగాలి. అక్టోబర్ 5 నుంచి 31 వరకు ఎక్స్‌టెన్షన్ 31 దగ్గర ఉదయం 7 నుంచి రాత్రి 11 దాకా మనిషి ఉంటాడు, ఆదివారాలు కూడా. వాట్సాప్‌లో ‘కొత్త కాంటా’ గ్రూపు పెట్టాం. స్క్రీన్ ఫోటో, బిల్లు నంబరు పెడితే చాలు. ‘పని చేస్తలేదు’ అని మాత్రమే పెడితే ఎక్కడ ఆగిందో మాకు తెలియదు. గుడ్‌మార్నింగ్ బొమ్మలు వేరే గ్రూపులో పెట్టుకోండి.

సెంటర్ ఇన్‌చార్జిలు ఏ రోజు ఎవరు వస్తున్నారో జాబితా సెప్టెంబర్ 12, శనివారం సాయంత్రం లోపు అకౌంట్స్‌కు పంపాలి. చదవడానికి అద్దాలు వాడేవాళ్లు మరవకుండా తెచ్చుకోండి, హాల్లో స్క్రీన్ చిన్నది.

ఇట్లు,
మేనేజర్, అకౌంట్స్ అండ్ సిస్టమ్స్
హెడ్ ఆఫీసు, ఎనుమాముల, వరంగల్